జనవరిలో వాన ఎక్కడిది? జవాబు తెలియని నోట్‌బుక్‌లో తప్పు వెతకడం

నోట్‌బుక్ ఫైలు ఒకటి మన దగ్గరికి వస్తుంది. వెంట వచ్చేది మామూలుగా ఒక్క వాక్యమే: "ఔట్‌పుట్ ఏదో తేడాగా ఉందండీ, ఒకసారి చూస్తారా?" తెరిచి చూస్తే ఎర్ర అక్షరాల ఎర్రర్ ఎక్కడా ఉండదు. సెల్స్ అన్నీ నడిచాయి. పట్టిక వచ్చింది, గ్రాఫ్ పడింది. అసలు ఎంత రావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పంపినవాళ్లకీ తెలియకపోవచ్చు. తెలిసి ఉంటే ఆ లెక్క కోసం ప్రోగ్రాం రాసుకునేవాళ్లే కాదు.

ఇది నోట్‌బుక్‌లతో పుట్టిన చిక్కు కాదు. జవాబు తెలుసుకోవడానికే రాసిన ప్రోగ్రాం జవాబు సరైనదో కాదో ఎలా తేల్చాలన్న ప్రశ్నను ఎలైన్ వేయుకర్ 1982లోనే పరీక్షించలేని ప్రోగ్రాముల పేరుతో చర్చకు పెట్టారు. ఆమె ముందుంచిన దారులు ఈనాటికీ పనికొస్తాయి: జవాబు చేత్తో తేల్చగలిగేంత సులువైన ఇన్‌పుట్‌తో నడిపి చూడడం, అదే పనికి వేరుగా మరో ప్రోగ్రాం రాసి రెండింటినీ పోల్చడం. 1998లో టి.వై. చెన్, ఆయన సహచరులు ఇంకో మెట్టు ఎక్కారు. ఒక్క జవాబు తప్పో ఒప్పో తెలియకపోయినా, రెండుసార్లు నడిపినప్పుడు వచ్చే రెండు జవాబుల మధ్య ఏ సంబంధం ఉండాలో చాలాసార్లు తెలుస్తుంది. ఆ సంబంధం తప్పితే ప్రోగ్రాం తప్పినట్టే.

పుస్తకాల్లో ఇంత స్పష్టంగా ఉన్నా, ఆచరణలో ఎక్కువగా జరిగేది వేరు. చూసేవాడు కోడ్‌లో అక్కడొకటి ఇక్కడొకటి మారుస్తాడు, ఔట్‌పుట్ కంటికి బాగా కనబడగానే ఆపేస్తాడు. నా మట్టుకు నాకు ఇది తప్పు వెతకడం కాదు, తప్పును మన ఇష్టానికి తగ్గట్టు దిద్దడం. తేడా ఏ ఆకారంలో ఉందో, ఏ అంకెల్లో ఉందో మొత్తం వివరించగలిగినప్పుడే ఒక కారణాన్ని కారణమని ఒప్పుకోవాలి. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఒక ఉదాహరణ మీద చూద్దాం. ఉదాహరణ నేను కూర్చిందే. అందులోని తప్పు మాత్రం రోజూ జరిగేదే.

తెలంగాణలోని ఒక వర్షమాపక కేంద్రం ఏడాది లెక్క అనుకోండి. ఫైల్లో 365 వరుసలు, రెండు కాలమ్‌లు: తేదీ, ఆ రోజు వాన మిల్లీమీటర్లలో. నోట్‌బుక్ నెలవారీ మొత్తాలు వేస్తుంది. అసలు పని ఈ మూడు లైన్లదే:

```python
df = pd.read_csv("rain.csv")
df["date"] = pd.to_datetime(df["date"], errors="coerce")
df.groupby(df["date"].dt.month)["rain"].sum()
```

వచ్చిన పట్టికలో జనవరికి వాన ఉంది, ఫిబ్రవరికీ మార్చికీ ఉంది. ఎండిపోయిన నెలంటూ ఒక్కటీ లేదు. జూలై, ఆగస్టుల్లో వాన ఎక్కువే గానీ ఉండాల్సినంత లేదనిపిస్తుంది. ఏడాది మొత్తం మాత్రం నమ్మదగ్గట్టే ఉంది. పంపినాయన 'తేడా' అన్నది దీన్నే.

ఇక్కడ అందరి చేయీ ముందు 'రన్' మీదికి పోతుంది. పోకూడదు. నోట్‌బుక్ ఫైలు లోపల కోడ్ ఒక్కటే ఉండదు. ఆ కోడ్ చివరిసారి నడిచినప్పుడు వచ్చిన ఔట్‌పుట్, ఏ సెల్ ఎన్నోదిగా నడిచిందో చెప్పే `execution_count` కూడా ఉంటాయి. పంపినాయన చూసిన తేడాకు సాక్ష్యం అదొక్కటే. మనం ఒకసారి నడిపి సేవ్ చేస్తే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. అందుకే అసలు ఫైలును పక్కన పెట్టి, నకలు మీదే పని చేయాలి. నడిపేముందు కోడ్ మొత్తం ఒకసారి చదవాలి కూడా. ఎవరో రాసిన నోట్‌బుక్‌ను నడపడమంటే వాళ్ల కోడ్‌కు మన కంప్యూటర్ అప్పజెప్పడమే; ఫైళ్లు చెరిపే లైను ఎక్కడైనా ఉందేమో చూసుకోవాలి.

సెల్స్ పక్కన ఉండే అంకెలు చదివితేనే కొంత కథ తెలుస్తుంది. పైనుంచి కిందికి 1, 2, 3, 4 అని ఉంటే ఒక పద్ధతిలో నడిచినట్టు. 3 తర్వాత 27, దాని కింద 9 ఉంటే, తెర మీద కనిపిస్తున్న కోడ్‌కూ దాని కింది ఔట్‌పుట్‌కూ పొంతన ఉంటుందన్న హామీ లేదు. కోడ్ మార్చి మళ్లీ నడపకుండా సేవ్ చేసి ఉండొచ్చు. ఒక వేరియబుల్‌ను పుట్టించిన సెల్‌ను తర్వాత తీసేసి ఉండొచ్చు. సెల్ పోయినా వేరియబుల్ మెమరీలో బతికే ఉంటుంది.

ఈ దాగిన స్థితి వల్ల వచ్చే తేడాల్లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ వాన లెక్కలదే. ప్రపంచవ్యాప్తంగా వాడే జీహెచ్‌సీఎన్-డైలీ అనే వాతావరణ డేటాలో వానను మిల్లీమీటరులో పదో వంతులుగా రాస్తారు. ఫైల్లో 250 అని ఉంటే 25 మిల్లీమీటర్లని అర్థం. కాబట్టి నోట్‌బుక్‌లో ఇలాంటి లైను తప్పనిసరి:

```python
df["rain"] = df["rain"] / 10
```

ఈ సెల్‌ను పొరపాటున రెండుసార్లు నొక్కితే వాన మళ్లీ పదో వంతు అవుతుంది. అసలు నొక్కకపోతే పదింతలు కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుందని తెలిసినవాడికి 80 గానీ 8,000 గానీ కనబడితే కారణం సగం తెలిసిపోయినట్టే. సరిగ్గా పదింతల తేడా యాదృచ్ఛికంగా రాదు. తేడా ఆకారమే కారణాన్ని చూపించడమంటే ఇదే. నివారణ కూడా సులువు: మార్చిన విలువను అదే పేరులో వేయకుండా `rain_mm` వంటి కొత్త పేరులో పెడితే, ఎన్నిసార్లు నొక్కినా అంతే వస్తుంది.

ఈ పరిశీలన అయ్యాకే కెర్నల్‌ను కొత్తగా మొదలుపెట్టి, పైనుంచి కింది దాకా నడిపి, పాత ఔట్‌పుట్‌తో పోల్చాలి. మూడు ఫలితాల్లో ఏదో ఒకటి వస్తుంది. మధ్యలో ఆగిపోవచ్చు, పాత తేడాయే మళ్లీ రావచ్చు, లేదా వేరే అంకె ఏదో రావచ్చు. ఆగిపోవడం అరుదేమీ కాదు. 2019లో పిమెంటెల్ బృందం గిట్‌హబ్‌లోని దాదాపు 14 లక్షల నోట్‌బుక్‌లను సేకరించి, నడపడానికి వీలున్నవాటిని నడిపి చూసింది. ఎర్రర్ లేకుండా పూర్తయినవి 24 శాతం. పాత ఔట్‌పుట్‌నే మళ్లీ ఇచ్చినవి 4 శాతం. ఈ అంకెల్ని చూపించి నోట్‌బుక్‌లే పనికిరావని వాదించేవాళ్లున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. లైబ్రరీ లేకపోవడం, డేటా ఫైలు దొరక్కపోవడం లాంటి కారణాలు అందులో చాలా ఉన్నాయి. ఆగిపోయిన నోట్‌బుక్ తప్పు జవాబు ఇచ్చిందని అర్థం కాదు. అది ఏ జవాబూ ఇవ్వలేదు, అంతే.

మన వాన నోట్‌బుక్ విషయంలో చిక్కు మూడో ఫలితంతో వస్తుంది. పంపినాయన కంప్యూటర్‌లో జనవరికి కొద్దిగా, జూలైకి ఎక్కువగా వాన ఉంది. మన కంప్యూటర్‌లో అదే ఫైలు, అదే కోడ్, కొత్త కెర్నల్‌తో నడిపితే నెలనెలకూ ఉండాల్సిన ఎత్తుపల్లాలు మాయమై, ఏడాది మొత్తం సగానికన్నా కిందికి పడిపోయింది. అంకె మారింది కాబట్టి దాగిన స్థితే కారణమని తేల్చేయడం ఇక్కడ సులువు, సాధారణంగా అందరూ చేసేదీ అదే. కానీ పంపినాయన సెల్స్ పక్కన 1, 2, 3 అని వరుసగానే ఉన్నాయి. వరుస తప్పలేదు. తప్పింది పరిసరం: ఆయన పాండాస్ వెర్షన్ 1.5, మనది 2 తర్వాతది. నోట్‌బుక్ ఫైలు తనతో పాటు పైథాన్ వెర్షన్‌ను రాసుకుంటుంది గానీ పాండాస్ వెర్షన్‌ను రాసుకోదు. `pd.__version__` ఎంత చూపిస్తోందని అడిగితేనే తెలుస్తుంది.

ఒక్క లైను రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు నడుస్తుందన్నది కాసేపు పక్కన పెడదాం. దానికన్నా ముందు అడగాల్సింది: జనవరిలో వాన ఉండడం తప్పేనా? తేడాగా ఉన్నదల్లా తప్పు కాదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఒక్క రోజులో 190 మిల్లీమీటర్ల పైన వాన పడింది. ఆ ఏడాది పట్టికలో అక్టోబర్ మామూలు కన్నా ఎంతో పైన ఉంటుంది, అది నిజం కూడా. దాన్ని తీసిపారేయాల్సిన విపరీత విలువగా లెక్కగట్టి తొలగించే కోడ్ రాస్తే, తప్పు అప్పుడు పుడుతుంది. అలాగే నవంబర్‌లో ఎక్కువ వాన హైదరాబాద్ లెక్కలో కనబడితే అనుమానించాలి. నెల్లూరు లెక్కలో కనబడకపోతే అనుమానించాలి. అక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే పడతాయి. అందుచేత డేటా ఏ ఊరిదో, ఏ ఏడాదిదో అడగకుండా 'తేడా' అనే మాటను ఒప్పుకోకూడదు. మన కేంద్రం తెలంగాణది. అక్కడ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడుతుంది. చలికాలంలో ఒక అకాల వర్షం రావచ్చు. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నాలుగూ వరసగా తడిసిపోవడం మాత్రం జరిగే పని కాదు. ఇది మన ఊహ కాదు, కోడ్‌తో సంబంధం లేని బయటి ఆధారం. కోడ్ చదవకముందే దీన్ని రాసిపెట్టుకోవాలి. చదివాక రాస్తే, కోడ్ ఏం ఇస్తుందో అదే ఆశించినట్టు రాస్తాం.

పాఠ్యపుస్తకాలు చెప్పే పరీక్షలు ఇప్పుడు వరసగా చేద్దాం, పంపినాయన వెర్షన్‌లోనే. వరుసలు 365 ఉన్నాయా? ఉన్నాయి. ఖాళీ తేదీలు ఉన్నాయా? లేవు. ఒకే తేదీ రెండుసార్లు వచ్చిందా? రాలేదు. మొదటి తేదీ జనవరి 1, చివరిది డిసెంబర్ 31 అవునా? అవును. నెలల మొత్తాలను కూడితే ఏడాది మొత్తం వస్తోందా? వస్తోంది. వాన కాలమ్ నిజంగా అంకెలేనా? అంకెలే. విలువ అందని రోజుకు -999 లాంటి గుర్తు పెట్టే డేటాలున్నాయి, అవి కూడికలో కలిస్తే మొత్తం పాతాళానికి పోతుంది. అదీ ఇక్కడ లేదు. అన్ని పరీక్షలూ నెగ్గింది, జవాబు మాత్రం తప్పు. పరీక్షల జాబితా పొడవుగా ఉంటే చాలనుకునేవాళ్లు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

ఇక్కడ వేయుకర్ చెప్పిన సులువైన ఇన్‌పుట్ దారి అక్కరకొస్తుంది. అసలు డేటాకు జవాబు తెలియకపోతే, జవాబు తెలిసిన డేటాను మనమే తయారు చేసి అదే కోడ్‌లోకి పంపాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోజుకు సరిగ్గా 5 మిల్లీమీటర్లు, మిగతా రోజుల్లో సున్నా అనుకుందాం. తేదీలను మాత్రం ఫైల్లో ఉన్నట్టే, రోజు ముందు, నెల తర్వాత రాయాలి:

```python
d = pd.date_range("2019-01-01", "2019-12-31")
r = [5 if 6 <= x.month <= 9 else 0 for x in d]
t = pd.DataFrame({"date": d.strftime("%d/%m/%Y"), "rain": r})
```

ఆ నాలుగు నెలలకు 122 రోజులు, కాబట్టి మొత్తం 610. జూలైకి 155 రావాలి, జనవరికి సున్నా. దీన్ని నోట్‌బుక్‌లోని తేదీ లైనుకూ కూడిక లైనుకూ అప్పగిస్తే, పాండాస్ 1.5లో జూలై, ఆగస్టులకు 115 చొప్పున, జూన్, సెప్టెంబర్‌లకు 110 చొప్పున వచ్చాయి. మిగిలిన ఎనిమిది నెలలకూ తలా 20. అన్నీ కూడితే 610, ఒక్క మిల్లీమీటరు కూడా పోలేదు. పంపినాయన చూసిన తేడాకు అచ్చం ఇదే ఆకారం.

ఎండు నెలకు 20 అంటే నాలుగు రోజుల వాన. ఏ నాలుగు రోజులు? జనవరిలో వాన పడ్డ తేదీలు తీసి చూస్తే 6, 7, 8, 9. ఫిబ్రవరిలోనూ అవే. మార్చిలోనూ అవే. దీనితో విషయం తేలిపోయింది. జూన్ ఆరో నెల, సెప్టెంబర్ తొమ్మిదో నెల. ఫైల్లో 01/06/2019 అని ఉన్నది జూన్ 1. పాండాస్ దాన్ని అమెరికా పద్ధతిలో, నెల ముందున్నట్టుగా, జనవరి 6 అని చదివింది. 01/07 జనవరి 7 అయింది, 01/08 జనవరి 8 అయింది. అలా ఏడాదిలోని ప్రతి నెల ఒకటో తేదీ వచ్చి జనవరి మొదటి పన్నెండు రోజుల్లో కూర్చుంది. ప్రతి నెల రెండో తేదీ ఫిబ్రవరిలోకి, మూడో తేదీ మార్చిలోకి చేరింది. 13/06 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి, పాత వెర్షన్ ఆగకుండా ఆ ఒక్క వరుసను రోజు ముందున్న పద్ధతిలో చదివి సరిగ్గానే పెట్టింది.

ఒకే కాలమ్‌లో పన్నెండు లోపు రోజులు ఒక పద్ధతిలో, మిగతావి ఇంకో పద్ధతిలో చదివిందన్నమాట. పన్నెండు లోపు వాటిలో రోజూ నెలా చోట్లు మార్చుకున్నాయి. రోజూ నెలా ఒకటే అయినవి తప్ప, ప్రతి తేదీ వేరొకదాని స్థానంలోకి పోయింది, ఆ వేరొకటి దీని స్థానంలోకి వచ్చింది. అందుకే ఖాళీలు లేవు, రెట్టింపులు లేవు, మొత్తం తప్పలేదు, పరీక్షలన్నీ నెగ్గాయి. జూలై లెక్క కూడా అంకెతో సరిపోతుంది. 13 నుంచి 31 దాకా 19 రోజులు దాని సొంతం. మొదటి పన్నెండు రోజుల్లో ఉన్నది ఏడాదిలోని పన్నెండు నెలల ఏడో తేదీలు. వాటిలో వాన ఉన్నవి నాలుగు. 23 రోజులకు అయిదేసి చొప్పున 115. ఎక్కడా చిల్లర మిగల్లేదు. కారణం దొరికిందని నేను ఒప్పుకునేది ఈ స్థాయిలో లెక్క కుదిరినప్పుడే.

ఇక వెర్షన్ సంగతి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0 ఈ పద్ధతిని మార్చింది. వరుసవరుసకూ వేరుగా ఊహించడం మాని, మొదటి విలువను చూసి ఒక పద్ధతి నిర్ణయించుకుని కాలమ్ మొత్తాన్నీ అలాగే చదువుతుంది. మన ఫైలు 01/01/2019తో మొదలవుతుంది. నెల ముందుందని నిర్ణయించుకుంటుంది. 13/01 రాగానే కుదరక ఎర్రర్ ఇస్తుంది. ఇవ్వాలి, అదే మంచిది. కానీ ఈ నోట్‌బుక్‌లో `errors="coerce"` ఉంది. అంటే చదవలేకపోయిన తేదీని ఖాళీ చేసేయమని ముందే చెప్పి ఉంచారు. ఫలితంగా 365లో 221 తేదీలు `NaT` అయ్యాయి. నెలవారీగా విడదీసేటప్పుడు ఖాళీ తేదీ ఉన్న వరుసలను పాండాస్ లెక్కలోంచి వదిలేస్తుంది, అదీ చెప్పకుండానే. మిగిలిన 144 వరుసల్లో ప్రతి నెలకూ పన్నెండు రోజులు, తయారు చేసిన డేటాలో అయితే వాటిలో నాలుగు వాన రోజులు. పన్నెండు నెలలకూ తలా 20, మొత్తం 240. మన కంప్యూటర్‌లో ఎత్తుపల్లాలు మాయం కావడానికి, మొత్తం సగానికన్నా కిందికి పడిపోవడానికి కారణం ఇది. దాగిన స్థితికి ఇందులో పాత్ర లేదు. నోట్‌బుక్‌లోనే `df["rain"].sum()` అని ఒక సెల్ ఉంటే, తయారు చేసిన డేటాకు అది 610 అనీ, నెలల కూడిక 240 అనీ చెప్పి, పక్కపక్క సెల్స్‌లోనే గుట్టు బయటపడేది.

చెన్ చెప్పిన సంబంధాల పరీక్ష ఈ కేసులో ఇంకా తొందరగా పని చేస్తుంది, దానికి తయారు చేసిన డేటా కూడా అక్కర్లేదు. వాన లెక్క వరుసల క్రమం మీద ఆధారపడకూడదు. కొత్త వెర్షన్‌లో ఫైలు వరుసలను కలగాపులగం చేసి, మొదటి వరుసగా 25/06 లాంటిది పడేలా చూడండి. రోజు ముందుందని పాండాస్ ఈసారి సరిగ్గా ఊహిస్తుంది, జవాబు మారిపోతుంది. క్రమం మారితే మొత్తం మారే కూడిక ఉండదు కాబట్టి తప్పు కూడికకన్నా ముందే, తేదీ చదివే చోటే ఉంది. అయితే పాత వెర్షన్‌లో ఈ పరీక్ష ఏమీ పట్టుకోదు. అక్కడ ఒక్కో వరుసను వేరుగా చదువుతుంది కాబట్టి క్రమం ఎలా మారినా అదే తప్పు జవాబు. అక్కడ పని చేసే సంబంధం వేరు: తేదీలనే ఏడాది ముందుండేలా 2019-06-01 అని తిరగరాసి ఇస్తే జవాబు మారకూడదు. మారుతుంది. ఒక సంబంధం నెగ్గినంత మాత్రాన కోడ్ నెగ్గినట్టు కాదని చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

దాగిన స్థితిని తగ్గించే నోట్‌బుక్‌లు ఇప్పుడు వచ్చాయి. జూలియా భాషకు ప్లూటో, పైథాన్‌కు మారిమో ఆ కోవలోవి. ఒక సెల్ మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే మళ్లీ నడుస్తాయి. తీసేసిన సెల్ వేరియబుల్ మెమరీలో మిగిలిపోవడం లాంటి తప్పులకు అవి చక్కటి మందు. తేదీ తప్పును మాత్రం అవి ఏమీ చేయలేవు; మారిమోలో పెట్టినా జనవరిలో వాన పడుతూనే ఉంటుంది. సాధనం మారిస్తే సమస్య తీరుతుందనే సలహాలు ఈ రంగంలో చాలా వినిపిస్తాయి. ఏ సమస్య తీరుతుందో కూడా చెబితే బాగుంటుంది.

దిద్దుబాటు ఒక్క లైనే:

```python
df["date"] = pd.to_datetime(df["date"], format="%d/%m/%Y")
```

పద్ధతిని మనమే చెప్పాం, `coerce` తీసేశాం. ఇప్పుడు చదవలేని తేదీ ఉంటే నోట్‌బుక్ ఆగిపోతుంది. ఆగడమే కావాలి. `dayfirst=True` పెట్టినా ఈ ఫైలుకు సరిపోతుంది, కానీ అది కచ్చితమైన నియమం కాదు, మొగ్గు మాత్రమే అని పాండాస్ పత్రాలే చెబుతాయి. పద్ధతి పూర్తిగా రాయడం మేలు. దిద్దాక తయారు చేసిన డేటాతో మళ్లీ నడిపితే జూలైకి 155, జనవరికి సున్నా రావాలి, రెండు వెర్షన్‌లలోనూ. ఫైలు రోజు క్రమంలో రాసిందే అయితే `df["date"].is_monotonic_increasing` ఇప్పుడు `True` అంటుంది. ముందు `False` అనేది. నిజానికి పంపినాయన ఈ ఒక్క లైను మొదటే వేసి ఉంటే నాకు పని తప్పేది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కొన్ని పాత వెర్షన్‌లు ఇలాంటి తేదీలు చదివేటప్పుడు హెచ్చరిక ఇచ్చేవి. నోట్‌బుక్ మొదటి సెల్‌లోనే `warnings.filterwarnings("ignore")` అని రాసుకునే అలవాటు వల్ల ఆ హెచ్చరిక ఎవరికీ కనబడదు. వచ్చిన నోట్‌బుక్‌లో ఆ లైను ఉంటే ముందు దాన్ని తీసేసి నడపడం నా అలవాటు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. కేంద్రంలో ఒక ఉద్యోగి రోజు ముందు, ఆయన సెలవులో ఉన్నప్పుడు వచ్చిన మరొకరు నెల ముందు రాసి ఉంటే, 05/08 అన్నది ఆగస్టు అయిదో మే ఎనిమిదో ఆ కాలమ్‌ను చూసి ఎవరూ చెప్పలేరు. వరుసల క్రమం కొంత సాయం చేయవచ్చు. ముందు వరుస ఆగస్టు 4, తర్వాతిది ఆగస్టు 6 అయితే మధ్యది ఏమిటో తెలుస్తుంది. క్రమం కూడా చెదిరి ఉంటే కాగితం రిజిస్టర్ తెప్పించుకోవడమే గతి. అలాంటప్పుడు కోడ్‌తో ఏదో ఒకటి ఊహించి పూడ్చడం కన్నా, ఆ వరుసలు తేలలేదని రాసి వదిలేయడం నిజాయితీ. తయారు చేసిన డేటాకూ పరిమితి ఉంది: మనం అనుమానించిన తప్పునే అది పట్టిస్తుంది. రోజుకు సమానంగా 5 మిల్లీమీటర్లు పెట్టాం కాబట్టి, జూన్ 1 వానను జనవరి 6న పెట్టిందా, ఆగస్టు 1 వానను పెట్టిందా అన్నది మొత్తాల్లో తేడా చూపదు. రోజురోజుకూ వేరు విలువ పెడితే అదీ బయటపడుతుంది.

పంపినాయనకు రాసే జవాబులో అందుకే నాలుగు విషయాలు ఉండాలి: ఏది తేడా అని తీసుకున్నామో, ఏ వెర్షన్‌లో ఏమొచ్చిందో, ఏ లైను ఎందుకు మార్చామో, దేన్ని పరీక్షించలేదో. దిద్దిన ఫైలు ఒక్కటే పంపి 'ఇప్పుడు సరిపోయింది' అంటే, ఆయన అదే ఫైలు పద్ధతితో వచ్చే ఏడాది లెక్క వేసినప్పుడు మళ్లీ మనకే పంపుతాడు. ఆయన పాత నివేదికల్లో ఈ పట్టిక ఇప్పటికే ఎక్కడైనా వాడి ఉంటే అది కూడా చూసుకోమనాలి, ఎందుకంటే ఏడాది మొత్తం సరిగ్గానే ఉండడంతో అక్కడ ఎవరికీ అనుమానం వచ్చి ఉండదు.

నోట్‌బుక్ పంపేవాళ్లకు నా విన్నపం ఒకటే. ఫైలుతో పాటు మూడు ముక్కలు రాయండి: ఏ అంకె చూసి తేడా అనిపించింది, ఎంత వస్తుందనుకున్నారు, `pd.__version__` ఎంత చూపిస్తోంది. డేటా ఫైలును, కనీసం దానిలోని మొదటి యాభై వరుసలనైనా, ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకుండా ఉన్నది ఉన్నట్టుగా జత చేయండి. ఎక్సెల్ చేతిలో పడితే తేదీల రూపం అక్కడే మారిపోయి, అసలు తప్పు ఎక్కడ పుట్టిందో ఇక తేలదు.